కొబ్బరి దింపు తారీకులు: నలభై ఐదు రోజుల లెక్క తప్పకుండా ఏడాది మొత్తానికీ ఒకేసారి ఎలా రాసుకోవాలి

దింపు అయిన రోజు సాయంత్రం కాయ రాశి పోస్తుండగా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "మళ్లీ ఎప్పుడు పడుతుంది బాబాయ్? వచ్చే సంక్రాంతి దాకా తారీకులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చెయ్యకూడదూ" అని. రాసిచ్చాను కూడా, నలుగురైదుగురికి. కానీ ఒకరి కాగితం ఇంకొకరికి పనికిరాదు, ఎవరి తోటలో దింపు మొదలైన రోజు వాళ్లది. పైగా మధ్యలో ఒక్క దింపు వానకి వెనక్కి పోయిందంటే ఆ కాగితం మీద మిగిలినవన్నీ తప్పే. అందుకని లెక్క ఎలా వేసుకోవాలో ఒకేసారి రాసి పెడుతున్నాను. కూడికా తీసివేతా వస్తే చాలు.

నలభై ఐదు రోజులే ఎందుకన్నది రెండు ముక్కల్లో చెప్పేస్తా. చెట్టు దాదాపు నెలకో గెల వేస్తుంది, ఆ గెల ముదరడానికి పదకొండు పన్నెండు నెలలు పడుతుంది. అంటే చెట్టు మీద ఎప్పుడూ అన్ని వయసుల గెలలూ ఉంటాయి, నెలన్నరకి ఒకటో రెండో దింపుకి వస్తాయి. మా కోనసీమలో ఎక్కువమంది పట్టుకునే లెక్క ఇదే. మీరు నలభైకో అరవైకో తీయిస్తుంటే కింద 45 ఉన్నచోట మీ అంకె పెట్టుకోండి. కూడే పద్ధతి మారదు. వారం సరిచూసుకునే చిట్కా మాత్రం మారుతుంది, అది అక్కడ చెబుతాను. ఎనిమిదిసార్లు అన్న లెక్కా, ఏడాది చివర సరిచూసేదీ కూడా 45 రోజుల వాళ్లకే.

కావలసినవి

ఈ ఏడాది గోడ క్యాలెండరు, వీలైతే వచ్చే ఏడాదిది కూడా, ఎందుకంటే చివరి తారీకు అవతలి ఏడాదిలోకి దూకుతుంది. ఒక నోటు పుస్తకం. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. అన్నిటికంటే ముఖ్యమైనది పోయిన దింపు సరిగ్గా ఏ రోజు జరిగిందో ఆ తారీకు. చాలామంది దగ్గర ఉండనిది కూడా అదే.

1. మొదటి తారీకు ఖాయం చేసుకోండి

మనిషి చెట్టెక్కి గెల కోసిన రోజు కావాలి. కాయ అమ్మిన రోజు కాదు, డబ్బులు చేతికొచ్చిన రోజు అసలే కాదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన పుస్తకాల్లో దింపు గురించి విడిగా రాసి ఉండదు, ఇన్ని వేల కాయలు, ఇంత రేటు, ఇంత ముట్టింది అని ఉంటుంది, పక్కన ఉన్న తారీకు డబ్బులు ముట్టిన రోజుది. కాయ నాలుగు రోజులు రాశిలోనే ఉండి ఆ తర్వాత బండెక్కితే, మీ లెక్క మొదలే నాలుగు రోజులు తప్పుతుంది.

తోట పెద్దదై దింపు రెండు మూడు రోజులు సాగితే మొదటి రోజు పట్టుకోండి. తర్వాతసారి కూడా అదే మూల నుంచి ఎక్కించండి, అప్పుడు ప్రతి చెట్టుకీ నలభై ఐదు సరిపోతుంది. ఇంటి దగ్గర తోట ఒకటి, చేలగట్ల మీద చెట్లు ఇంకోచోట ఉండి, వాటికి వేరే రోజుల్లో దింపు తీయిస్తుంటే దేనికి దానికి వేరే పేజీ పెట్టుకోండి. రెండూ కలిపి ఒకే లెక్కలో పెడదామని నేను ఒక ఏడాది ప్రయత్నించి చేతులెత్తేశాను.

ఈ ఉదాహరణకి 2026 జనవరి 19, సోమవారం అనుకుందాం. పండగ హడావిడి తగ్గి చెట్టెక్కే మనుషులు దొరికిన రోజు.

2. నలభై ఐదు కలపండి, నెల రోజులు తీసెయ్యండి

క్యాలెండర్ మీద వేలు పెట్టి ఒక్కొక్క గడీ లెక్కపెట్టొద్దు. నలభై ఐదు గడులు లెక్కపెట్టేలోపు ఎవరో పలకరిస్తారు, ముప్పై ఒకటా ముప్పై రెండా అని ఆగిపోతారు. ఇలా చేయండి.

తారీకుకి 45 కలపండి: 19 + 45 = 64. అందులోంచి ఇప్పుడు నడుస్తున్న నెలలో ఎన్ని రోజులుంటాయో అన్నీ తీసెయ్యండి. జనవరికి 31, కాబట్టి 64 − 31 = 33. ఇప్పుడు చూడండి, ఈ 33 ఫిబ్రవరిలో పడుతుందా? పట్టదు, 2026 ఫిబ్రవరికి 28 రోజులే. అయితే అవీ తీసెయ్యండి: 33 − 28 = 5. మార్చి 5 వచ్చింది. అంతే.

తర్వాతది: 5 + 45 = 50, మార్చి 31 తీసేస్తే 19. ఏప్రిల్‌లో 19 ఉంది కాబట్టి అక్కడితో ఆపేయాలి. ఏప్రిల్ 19.

ఏ నెలకి 30, ఏ నెలకి 31 అన్నది గుర్తు లేకపోతే పిడికిలి బిగించి కణుపుల మీద లెక్కపెట్టుకోండి, మెట్టకి 31, పల్లానికి 30, ఫిబ్రవరి ఒక్కటీ వేరు. పంటకాలవల కింద బతికేవాళ్లకి మెట్టా పల్లమూ విడిగా చెప్పక్కర్లేదు.

ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. అక్టోబర్ 16 దగ్గరికి వచ్చారనుకోండి. 16 + 45 = 61. అక్టోబర్ 31 తీస్తే 30. నవంబర్‌లో 30 ఉందా? ఉంది, అదే ఆఖరి రోజు. కాబట్టి నవంబర్ 30. కొంతమంది అలవాటు కొద్దీ నవంబర్ 30 కూడా తీసేసి సున్నా తెచ్చుకుంటారు, ఆ సున్నాని ఏం చేయాలో తెలియక డిసెంబర్ 1 అని రాసేస్తారు. మిగిలిన అంకె ఆ నెల రోజుల కంటే ఎక్కువైతేనే తీయాలి. సమానమైతే అదే మీ తారీకు.

3. ఎనిమిదిసార్లు చేయండి

ఎనిమిది దింపులకి 360 రోజులు, ఏడాదికి అటూ ఇటూగా సరిపోతుంది. జనవరి 19 నుంచి వరుసగా ఇలా వస్తాయి, వారాలతో సహా రాస్తున్నాను:

- మార్చి 5, గురువారం
- ఏప్రిల్ 19, ఆదివారం
- జూన్ 3, బుధవారం
- జులై 18, శనివారం
- సెప్టెంబర్ 1, మంగళవారం
- అక్టోబర్ 16, శుక్రవారం
- నవంబర్ 30, సోమవారం
- 2027 జనవరి 14, గురువారం

మీ తారీకు వేరైనా ఒకసారి ఈ ఎనిమిదీ మీరే కాగితం మీద వేసి చూడండి. అన్నీ కలిస్తే లెక్క చేతికొచ్చినట్టే, ఆ తర్వాత మీ తోటది వేసుకోండి.

4. వారంతో సరిచూసుకోండి

తప్పు పట్టుకోవడానికి నాకు తెలిసిన వాటిలో ఇంత తేలికైనది ఇంకోటి లేదు. నలభై ఐదు అంటే ఆరు వారాలూ మూడు రోజులు. కాబట్టి ప్రతి దింపుకీ వారం మూడు అడుగులు ముందుకి జరగాలి. సోమవారం అయితే తర్వాతది గురువారం, ఆ పైన ఆదివారం, బుధవారం, శనివారం, మంగళవారం, శుక్రవారం, మళ్లీ సోమవారం. పైన రాసినవి చూడండి, సరిగ్గా ఇదే వరుస. మీరు కూడి తెచ్చుకున్న తారీకు క్యాలెండర్‌లో ఏ వారం పడిందో చూడండి. మూడు జరగలేదంటే అక్కడే తప్పు, ముందుకి వెళ్లకండి. తప్పు తారీకుకి 45 కలుపుకుంటూ పోతే మిగిలిన ఏడూ తప్పే.

నలభై రోజుల వాళ్లకి అయితే వారం ఐదు జరుగుతుంది, అరవై రోజుల వాళ్లకి నాలుగు. మీ అంకెని ఏడుతో భాగిస్తే మిగిలేది ఎంతో అంత.

వారం రెండే జరిగింది, అంటే సోమవారం తర్వాత బుధవారం వచ్చిందనుకోండి, మీరు దింపు జరిగిన రోజుని కూడా ఒకటి అని లెక్కేశారన్నమాట. ఇది మనవాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. పదకొండో రోజు అన్నా పదహారో రోజు అన్నా ఆ మొదటి రోజుని కలుపుకునే చెబుతాం కదా. దింపుకి అలా కుదరదు, ఇవాళ సున్నా, రేపు ఒకటి. నేను కొత్తలో గోడ క్యాలెండర్ మీద ఇంటూ మార్కులు పెట్టుకుంటూ ఏడాదంతా ఈ తప్పే చేశాను. ఒక్కసారికి ఒక్క రోజే, ఎవరికీ తెలియదు. ఎనిమిది దింపులు తిరిగేసరికి జనవరి 14కి రావలసింది జనవరి 6కి వచ్చి కూర్చుంది. చెట్టెక్కినతను పైనుంచి "ఇంకా పచ్చిగా ఉందండీ గెల, కోసెయ్యమంటారా" అని అరిచేదాకా నాకు అనుమానం కూడా రాలేదు.

5. ఏడాది చివర ఇంకోసారి చూడండి

ఎనిమిదో తారీకు, మీరు మొదలెట్టిన తారీకు కంటే ఐదు రోజులు ముందు పడాలి. జనవరి 19 కి జనవరి 14. మధ్యలో ఫిబ్రవరి 29 వస్తే, ఇకముందు 2028లో వస్తుంది, ఆరు రోజులు ముందు పడుతుంది.

మళ్లీ సరిగ్గా 19వ తారీకే వచ్చిందా? అయితే మీరు కలిపింది నలభై ఐదు కాదు, నెలన్నర. నోటితో అందరం నెలన్నర అనే అంటాం, అనుకోవడానికి పర్వాలేదు కానీ రాసుకోవడానికి పనికిరాదు. జనవరి 19 నుంచి నెల అంటే ఫిబ్రవరి 19, అక్కణ్నుంచి పదిహేను రోజులు మార్చి 6. మన లెక్కకి ఒక రోజు ఎక్కువ. అదే ఫిబ్రవరి 10 నుంచి నెలన్నర అయితే మార్చి 25, అది 43 రోజులే. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ, ఎటు పోతుందో తెలియదు.

మా నాన్నగారు ఇవేవీ చేసేవారు కాదు. మూడు పక్షాలు అనేవారు. అమావాస్య దగ్గర దింపైతే ఒక పున్నమి, ఒక అమావాస్య, ఆ తర్వాతి పున్నమికి మళ్లీ నిచ్చెన. మూడు పక్షాలంటే నలభై నాలుగు రోజుల చిల్లర, కాబట్టి ఆయన లెక్క మరీ తప్పేం కాదు, ఏడాదికి ఆరు రోజుల తేడా వస్తుంది అంతే. ఒకటి రెండు దింపులకి ఆ లెక్క బాగానే పనిచేస్తుంది. ఎనిమిది తారీకులు ముందే రాసిపెట్టి చెట్టెక్కేవాళ్లకి చెప్పాలంటే మాత్రం కూడికే మేలు.

6. దింపు తప్పిన రోజు ఏం చేయాలి

అసలు చిక్కంతా ఇక్కడుంది. తారీకులు రాసుకోవడం పదిహేను నిమిషాల పని, వాటిని నిలబెట్టుకోవడమే కష్టం. జూన్ 3న అనుకున్నారు, వాన పట్టుకుంది, మొవ్వు తడిగా ఉంటే చెట్టెక్కరు, ఎక్కమనకూడదు కూడా. తీరా జూన్ 9న కుదిరింది. ఇప్పుడు తర్వాతది జులై 18 అనే ఉంచాలా?

వద్దు. జరిగిన రోజు నుంచి లెక్కేయండి, అనుకున్న రోజు నుంచి కాదు. జులై 18 అలాగే ఉంచితే మధ్యలో ముప్పై తొమ్మిది రోజులే ఉంటాయి, ముదరని గెల దిగుతుంది. లేత కాయ కురిడీకి పనికిరాదు, ఎండబెడితే కొబ్బరి పలచగా, రబ్బరులా సాగుతుంది, కొనేవాడు కాయ చేత్తో ఊపి చూసి రేటు కోసేస్తాడు. జూన్ 9 నుంచి వేస్తే జులై 24, సెప్టెంబర్ 7, అక్టోబర్ 22, డిసెంబర్ 6, జనవరి 20.

మొత్తం మళ్లీ కూడుకోనక్కర్లేదు. దింపు ఆరు రోజులు ఆలస్యమైంది కాబట్టి మిగిలిన అన్ని తారీకులకీ ఆరు కలిపితే చాలు, చూడండి, 18 కి 24, 1 కి 7, అన్నీ అంతే. ముందుకి జరిగినా ఇదే పద్ధతి. తుఫాను హెచ్చరిక వచ్చిందని అక్టోబర్ 16 దింపుని మూడు రోజుల ముందే తీయించేస్తే మిగిలినవాటిలోంచి మూడు తీసెయ్యండి.

నోటు పుస్తకంలో పాత తారీకు కొట్టేయకండి. ఎడమవైపు అనుకున్న రోజు, కుడివైపు జరిగిన రోజు, రెండు గళ్లు పెట్టుకోండి. ఏడాది చివర ఎక్కడెక్కడ ఎన్ని రోజులు జారిందో కళ్లకి కనిపిస్తుంది, చెట్టెక్కేవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా "ప్రతిసారీ ఆలస్యం చేస్తున్నావు" అనే బదులు తారీకులు చూపించొచ్చు.

7. ఫోన్‌లో చేసుకోవాలంటే

షీట్‌లో A గడిలో అనుకున్న రోజు, B లో జరిగిన రోజు, C లో వారం. మొదటి వరుస పేర్లకి వదిలేసి ఇలా కొట్టండి. మొదటిది A2 లో, రెండోది A3 లో, మూడోది C2 లో:

```
=DATE(2026,1,19)
=IF(B2="",A2,B2)+45
=TEXT(A2,"ddd")
```

A3 ని A10 దాకా, C2 ని C10 దాకా కిందికి లాగండి. ఎనిమిది తారీకులూ వచ్చేస్తాయి. రెండో సూత్రం చెప్పేది పైన 6లో చెప్పుకున్నదే: జరిగిన రోజు రాసి ఉంటే దానికి 45 కలుపు, లేకపోతే అనుకున్న రోజుకి కలుపు. జూన్ 3 వరుస ఐదోది, కాబట్టి B5 లో `=DATE(2026,6,9)` అని కొట్టి చూడండి, కింద ఉన్నవన్నీ వాటంతట అవే ఆరు రోజులు జరుగుతాయి.

తారీకుని 5/3/2026 అని నేరుగా కొట్టొద్దంటున్నాను. షీట్ అమెరికా పద్ధతిలో ఉంటే దాన్ని మే 3 అనుకుంటుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. `DATE` లో ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత రోజు, అక్కడ గందరగోళానికి చోటు లేదు. నేరుగానే కొట్టి తీరాలంటే 19/1 లాంటి తారీకు ఒకటి కొట్టి చూడండి, అది గడిలో ఎడమవైపు అతుక్కుని కూర్చుంటే షీట్ దాన్ని తారీకుగా గుర్తించలేదని అర్థం.

ఇంకో రెండు చోట్ల ఖంగారు పడతారు. తారీకు బదులు `46086` అని అంకె కనిపిస్తే ఏమీ పాడవలేదు, మార్చి 5 నే షీట్ తన లోపలి అంకెలో చూపిస్తోంది, ఆ గడులకి Format లో Date ఎంచుకోండి. `#VALUE!` అని వస్తే B గడిలో తారీకు కానిది ఏదో ఉంది. "వాన" అని రాశారేమో, చిన్న గీత పెట్టారేమో, ఏమీ కనిపించకపోతే పొరపాటున ఖాళీ స్పేస్ ఒకటి పడి ఉంటుంది. ఆ గడి పూర్తిగా చెరిపేయండి. వాన సంగతి D లో రాసుకోండి.

గుర్తుచేసే గంట కావాలంటే గూగుల్ క్యాలెండర్‌లో మొదట రాబోయే దింపు రోజున ఒక ఈవెంట్ పెట్టి, Custom లో ప్రతి 45 రోజులకి, 8 సార్లు అని ఇవ్వండి. ఆ ఎనిమిదిలో మొదటిది కూడా కలిసే ఉంటుంది, అందుకే అయిపోయిన దింపు రోజుతో కాకుండా రాబోయేదానితో మొదలెట్టమన్నాను. దింపు జారినప్పుడు ఆ రోజు ఈవెంట్ తారీకు మార్చి సేవ్ చేస్తే ఈ ఒక్కటేనా, దీని తర్వాతవి కూడానా అని అడుగుతుంది. This and following events నొక్కండి. ఒక్కటే మార్చి వదిలేస్తే మిగిలినవి పాత తారీకులకే మోగుతాయి.

గంట దింపు రోజునే మోగితే లాభం లేదు. నాలుగు రోజుల ముందు మోగేలా పెట్టుకోండి, చెట్టెక్కే మనిషికి కబురు చేయాలి, ఒలుపు వాళ్లకి చెప్పాలి.

8. తారీకులు వచ్చాక ఒకసారి పండగలతో కలిపి చూడండి

ఎనిమిదోది 2027 జనవరి 14 పడింది చూశారా. భోగి మంటల రోజుల్లో చెట్టెక్కే మనిషి ఎవరూ దొరకరు, కనుమకి జగ్గన్నతోట ప్రభల తీర్థం, ఆ దరిదాపుల్లో ఎవరినీ పనికి పిలవలేం. ఆ సంగతి ఇప్పుడే తెలిసింది కాబట్టి చేయగలిగింది ఉంది. నేనైతే దాన్ని ఒక్కసారిగా వారం ముందుకి లాగను, అప్పుడు కాయ లేతగా దిగుతుంది. దాని ముందున్న మూడు ఎడాల్లో ఒక్కోదాన్ని రెండేసి రోజులు తగ్గిస్తాను. సెప్టెంబర్ 1 అలాగే ఉంచి 43 రోజుల చొప్పున వేస్తే అక్టోబర్ 14, నవంబర్ 26, జనవరి 8 వస్తాయి. ఈ మూడింటికి వారం ఒక్క రోజే జరుగుతుంది, మంగళ, బుధ, గురు, శుక్ర, సరిచూసుకునేటప్పుడు అది గుర్తుంచుకోండి. పండగ గిరాకీకి కాయ బండెక్కుతుంది, గెల మరీ పచ్చిగానూ ఉండదు. పండగ వెళ్లాక తీయించినా ఫరవాలేదనుకునేవాళ్లు జనవరి 18 పెట్టుకోవచ్చు, నాలుగు రోజులు ఆలస్యమైతే ముదురు కాయ కొన్ని రాలతాయి, పొద్దున్నే తోటలో ఒక చుట్టు తిరిగి ఏరుకోవాలి. ఏది పెట్టుకున్నా ఆ తర్వాతి 45 ఆ రోజు నుంచే మొదలు.